తరగతిలో ఎప్పుడూ ఆ అయిదుగురే ఎందుకు మాట్లాడతారు?

మహేంద్రతనయ

పర్లాకిమిడి దగ్గర ఒక ప్లస్ టూ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. తరగతిలో 46 మంది, అందులో అమ్మాయిలు 19. పాఠం ఒడియాలో. సగం మంది ఇళ్లలో తెలుగు, పదకొండు మంది హాస్టల్లో ఉండే సవర పిల్లలు, మిగతావాళ్లు ఒడియా.

ఈ ఏడాది నుంచి తరగతి చర్చలో పాల్గొన్నందుకు 10 మార్కులు వేయమన్నారు. నెలాఖరుకు మార్కుల పట్టిక చూసుకుంటే నాకే సిగ్గనిపించింది. రోజూ నోరు తెరిచే అయిదుగురికి ఎనిమిదీ తొమ్మిదీ పడ్డాయి. మిగతా నలభై ఒక్కమందికి దాదాపుగా మూడే. ఆ మూడు వేయించుకున్నవాళ్లలో పరీక్షలో మొదటి వరుసలో ఉండేవాళ్లు ముగ్గురున్నారు.

దూరవిద్యలో సోషియాలజీ ఎం.ఎ. కూడా చదువుతున్నాను. రాయాల్సిన వ్యాసం సరిగ్గా ఇదే: సామాజిక వర్గం, ఆడామగా తేడా కలిసి తరగతిలో ఎవరు మాట్లాడాలో ఎలా తేలుస్తాయి? పుస్తకాల్లోంచి ఎత్తి రాయడం ఇష్టం లేదు. నా గదిలో ఏం జరుగుతోందో ముందు నాకు తెలియాలి. ఎక్కడ మొదలుపెట్టను?

బరంపురం_బాబాయి

ఇందులో సోషియాలజీ ఏముందమ్మా? వచ్చినవాడు మాట్లాడతాడు, రానివాడు కిటికీలోంచి చూస్తాడు. మా రోజుల్లోనూ అంతే.

మహేంద్రతనయ

పరీక్షలో మొదటి వరుసలో ఉన్న ముగ్గురికి మూడు మార్కులు పడ్డాయని పైన రాశాను కదా బాబాయిగారూ. వాళ్లకు రాదనుకోవాలా?

జీడితోట

మా బడిలోనూ ఇదే బాధ. వెనక బెంచీలకు ఏదీ వినపడదు. సీలింగు ఫ్యానుకు బేరింగులు పోతే అంతే. గదికో చిన్న మైకు పెట్టించుకుంటే సరిపోతుంది, రెండు వేలలోపు వస్తుంది.

నాగావళి_ఒడ్డున

జీడితోటగారూ, మేడమ్ అడిగింది వినపడటం గురించి కాదు, మాట్లాడటం గురించి.

జీడితోట

వినపడకపోతే ఎలా మాట్లాడతారండీ?

పాతపంతులు

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అమ్మా, ముందు లెక్క పెట్టు. నీకు గుర్తున్నదాన్ని నమ్మకు. పాఠం చెప్పేవాళ్లకు తమ తరగతి అసలుకన్నా సమానంగా కనిపిస్తుంది. అమ్మాయిలు బాగానే మాట్లాడతారండీ అన్నవాళ్ల గదిలో కూర్చుని లెక్కపెట్టి చూపిస్తే ఎన్నోసార్లు నోరెళ్లబెట్టారు.

పద్ధతి పెద్దదేమీ కాదు. కాగితం మీద బెంచీల పటం గీసి ఒక్కో పిల్లకూ పిల్లవాడికీ ఒక్కో గడి ఇవ్వు. వెనక కుర్చీలో సాటి లెక్చరర్ ఎవరినైనా కూర్చోబెట్టు. పాఠం చెబుతూ నువ్వే లెక్కపెట్టడం కుదరదు. ఎవరైనా మాట్లాడినప్పుడల్లా ఆ గడిలో ఒక అక్షరం వేయాలి. చేయి ఎత్తి, నువ్వు ఒప్పుకున్నాక మాట్లాడితే 'చ'. అడగకుండా అందుకుంటే 'అ'. నువ్వు పేరు పెట్టి పిలిస్తే 'పే'. ఈ మూడింటినీ విడదీయడంలోనే అసలు సంగతి ఉంది. మొత్తం మాత్రమే చూస్తే అందరూ చూసేదే నువ్వూ చూస్తావు.

తల్లిదండ్రుల ఉద్యోగాల కోసం పిల్లల్ని అడగవద్దు. ప్రవేశ దరఖాస్తుల్లో ఉంటాయి. నాలుగు పీరియడ్లు చాలు.

బరంపురం_బాబాయి

నాలుగు పీరియడ్లు అక్షరాలు వేసుకుంటూ కూర్చునే లెక్చరర్ ఎక్కడ దొరుకుతాడో చూడాలి.

మహేంద్రతనయ

దొరికింది. సంస్కృతం మేడమ్‌గారు. ఆవిడ పీరియడ్లు ఈ వారం ఖాళీ.

నాగావళి_ఒడ్డున

మీ లెక్క వచ్చేలోగా నా కథ. రాయగడలో మా నాన్న మిల్లులో కూలి. రోజూ బడికి పంపిస్తూ ఒకే మాట చెప్పేవారు, "పంతుల్ని విసిగించకు." అది మర్యాద నేర్పడమే. నేను పాటించాను. ఎనిమిదో తరగతిలో బీజగణితంలో మైనస్ గుర్తు బ్రాకెట్ బయట ఉంటే లోపలివి ఎందుకు మారతాయో ఒక ఏడాదంతా అర్థం కాలేదు. నా పక్క బెంచీ కుర్రవాడు, వాళ్ల నాన్న బ్యాంకులో ఆఫీసరు, లెక్క తెలియకపోతే లేచి సరాసరి మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. మాస్టారు చెప్పేవారు. ఆయన చెడ్డవారు కాదు, నేను వెళ్తే నాకూ చెప్పేవారే. వెళ్లవచ్చని నాకు తెలియదు, అంతే.

వంశధార_గట్టు

నాగావళిగారు చెప్పింది చదివితే ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నీకేం పని" అనేవారు. అక్కకు అదే మాట, దానికి తోడు "ఆడపిల్లవి" అన్నది అదనం.

పాతపంతులు

నాగావళి తల్లీ, నువ్వు రాసినదాన్నే అమెరికాలో జెస్సికా కలార్కో అనే ఆవిడ ఒక ప్రాథమిక పాఠశాలలో ఏళ్ల తరబడి కూర్చుని చూసి 2011లో రాసింది. మధ్యతరగతి పిల్లలు సాయం కావాలంటే లేచి వెళ్తారు, పిలుస్తారు, మాట మధ్యలోకి వస్తారు. కార్మికుల పిల్లలు చేయి ఎత్తి కూర్చుంటారు, లేదా అదీ చేయరు. టీచర్లు పక్షపాతం చూపారని కాదు, అడిగినవాళ్లకు చెప్పారు. అడగడం ఎవరికి నేర్పారన్న దగ్గరే తేడా వచ్చింది. ఆవిడ పోల్చి చూసిన పిల్లలంతా తెల్లవాళ్లే కాబట్టి జాతి తేడా అనడానికీ లేదు.

బరంపురం_బాబాయి

అమెరికా సంగతులు మనకెందుకండీ.

పాతపంతులు

నాగావళి అమెరికాలో చదవలేదుగా బాబూ.

సిరొంచ_ప్రాణహిత

ఇటు గడ్చిరోలి వైపు నుంచి ఒక మాట. మేం మరాఠీ మీడియం. తెలుగులో "నేను వచ్చాను" ఎవరన్నా ఒకటే. మరాఠీలో మగపిల్లవాడు "మీ ఆలో" అనాలి, ఆడపిల్ల "మీ ఆలే" అనాలి. ఆరో తరగతిలో ఒకసారి ఆలస్యంగా వచ్చి, గుమ్మంలో నిలబడి "మీ ఆలో" అనేశాను. గదంతా ఒక్కసారిగా నవ్వింది. అదే తప్పు ఇంకో వైపు మా అన్నయ్యా చేశాడు, కానీ వాడికి నవ్వు ఒక పూటతో పోయింది. నన్ను మూడేళ్లపాటు "ఆలో" అనే పిలిచారు. ఆ తర్వాత నేను నోరు తెరిస్తే వాక్యంలో "నేను" లేకుండా చూసుకునేదాన్ని. చరిత్ర పాఠంలో "నా అభిప్రాయం చెప్పు" అంటే ఇక చెప్పేదేముంది?

వంశధార_గట్టు

అయ్యో, "ఆలో" అంటే ఫోనెత్తినట్టుందని నవ్వారేమో అనుకున్నాను మొదట.

సిరొంచ_ప్రాణహిత

నవ్వండి నవ్వండి. ఇప్పుడు నేనూ నవ్వుతాను.

మహేంద్రతనయ

మా దగ్గర ఒడియాకు ఆ లింగాల గొడవ లేదు కానీ ఉచ్చారణ ఉంది. ఒడియాలో 'అ'ను దాదాపుగా 'ఒ' లాగా పలకాలి. తెలుగింటి పిల్లలు "భల" అంటే ముందు వరుస మూతులు ముడుస్తుంది.

లెక్క వచ్చింది. నాలుగు పీరియడ్లలో పిల్లలు మొత్తం 118 సార్లు మాట్లాడారు. అందులో ఆ అయిదుగురే 81 సార్లు. నలుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. వాళ్ల నాన్నల్లో ఇద్దరు ప్రభుత్వోద్యోగులు, ఒకరు మందుల దుకాణం యజమాని, ఒకరు కాంట్రాక్టరు, ఆ అమ్మాయి నాన్న బ్యాంకు మేనేజరు. అయిదుగురూ పట్నంలో ఒకే ట్యూషనుకు వెళ్తారు.

19 మంది అమ్మాయిలూ కలిసి 22 సార్లు. ఇక్కడే నాకు అర్థం కానిది ఉంది. ఆ 22లో 12 నేను పేరు పెట్టి పిలిచినవి. పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక జవాబు చెప్పారు, ఎక్కువసార్లు సరైనదే. అడగకుండా అందుకున్న మాటలు మొత్తం 61 ఉంటే అమ్మాయిలవి మూడే.

సవర పిల్లలు పదకొండు మంది కలిసి నాలుగు సార్లు. నాలుగూ నేను పిలిస్తేనే.

పాతపంతులు

చూశావా, మూడు అక్షరాలు ఎందుకు వేయమన్నానో. తెలియక మాట్లాడరన్న బాబాయి వాదం ఆ 12 దగ్గర కూలిపోయింది.

అయిదుగురి సంగతి కూడా నీ కాలేజీ ఒక్కదానిదే కాదు. 1976లో కార్ప్, యోల్స్ అనే ఇద్దరు కాలేజీ తరగతుల్లో ఇలాగే లెక్కపెట్టారు. గది చిన్నదైనా పెద్దదైనా కొద్దిమందే మాట్లాడుతున్నారు, మిగతావాళ్లు ఆ బాధ్యత వాళ్ల మీద పెట్టి నిశ్చింతగా కూర్చుంటున్నారు. ఇది అందరికీ అనుకూలమే. లెక్చరర్‌కు చర్చ నడిచినట్టుంటుంది, మౌనంగా ఉన్నవాళ్లకు తప్పించుకున్నట్టుంటుంది. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఇప్పుడు ఆ మూడు 'అ'ల సంగతి చూడు. అమ్మాయి అడగకుండా అందుకున్నప్పుడు నువ్వేం అన్నావు?

మహేంద్రతనయ

సంస్కృతం మేడమ్ రాసిపెట్టారు. మూడింటిలో రెండుసార్లు నేను "చేయి ఎత్తి మాట్లాడమ్మా" అన్నాను. అబ్బాయిల్ని 58 సార్లలో ఎన్నిసార్లు అన్నానని అడగకండి. నాలుగు సార్లు.

వంశధార_గట్టు

అబ్బా.

అరకు_కాఫీ

అమెరికాలో సాడ్కర్ దంపతులు దీని మీదే రాశారు. అబ్బాయిలు అడగకుండా అందుకోవడం అమ్మాయిలకన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ, టీచర్లు వాళ్లను వింటారు, అమ్మాయిలకు మాత్రం చేయి ఎత్తమని చెబుతారు అని. మేడమ్ వ్యాసంలో ఈ ఎనిమిది రెట్లు తప్పక పెట్టండి.

పాతపంతులు

ఆ ఎనిమిది రెట్ల లెక్కకు ఆధారం ఎక్కడుందని తర్వాత పెద్ద గొడవ నడిచింది. పరీక్షకుడు ఎవరైనా గట్టివాడు తగిలితే అక్కడే పట్టుకుంటాడు. ఆ అంకెను వదిలెయ్. నీ 61, నీ 3 పెట్టు. చూసిన కళ్లు ఉన్నాయి, కాగితం ఉంది.

బరంపురం_బాబాయి

సరే, తెలియక మాట్లాడరన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ అయిదుగురిలో ఒక అమ్మాయి ఉంది. మేనేజరు కూతురు. ఆడపిల్ల అయితే నోరు లేవదంటే ఆ అమ్మాయికి ఎలా లేచింది? కాబట్టి ఇది డబ్బు సంగతే, ఆడామగా సంగతి కాదు.

నాగావళి_ఒడ్డున

బాబాయిగారు ఈసారి సగం సరిగ్గా అన్నారు. డబ్బున్న ఇంటి అమ్మాయి మాట్లాడుతుంది. కానీ డబ్బున్న ఇంటి అబ్బాయి మాట్లాడినట్టు మాట్లాడుతుందా?

మహేంద్రతనయ

లేదు. ఆ అమ్మాయి మాట్లాడినవి తొమ్మిది, ఏడు చేయి ఎత్తి, రెండు నేను పిలిస్తే. ఒక్కసారి కూడా అడగకుండా అందుకోలేదు. మందుల దుకాణం వాళ్ల అబ్బాయి ఒక్కడివే 'అ'లు 21.

అరకు_కాఫీ

దీనికి ఇంగ్లండు సోషియాలజిస్టు బెర్న్‌స్టీన్ జవాబిచ్చాడు కదా. పేద ఇళ్లలో భాష కురచ. చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసిన సంగతే కాబట్టి సగం చెప్పి వదిలేస్తారు. మధ్యతరగతి ఇళ్లలో విడమరిచి చెప్పడం అలవాటు, బడి అడిగేదీ అదే. పేద పిల్లలకు విడమరిచే భాష లేదు, అందుకే మౌనం.

పాతపంతులు

మొదటి మూడు వాక్యాలూ బెర్న్‌స్టీన్‌వే. చివరిది ఆయన తల మీద జనం రుద్దింది. భాష లేదని ఆయన అనలేదు, ఏ సందర్భంలో ఏది వాడతారన్నదే ఆయన మాట.

దీని మీద అమెరికా భాషాశాస్త్రవేత్త లబోవ్ చెప్పిన సంగతి ఒకటుంది, మా విద్యార్థులకు ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. న్యూయార్కులో హార్లెమ్‌లో లియాన్ అని ఎనిమిదేళ్ల నల్లజాతి పిల్లవాడు. అదే హార్లెమ్‌లో పెరిగిన నల్లజాతి మనిషే ఇంటర్వ్యూ చేశాడు. అయినా పిల్లవాడు ముక్తసరిగా ఒక్కో మాట. చూస్తే వీడికి మాటలే లేవంటారు. రెండోసారి ఆ మనిషి ఆలుగడ్డ చిప్స్ పొట్లం తెచ్చాడు, లియాన్ స్నేహితుణ్ణి పిలిచాడు, తాను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు. లియాన్ ఆగకుండా మాట్లాడాడు, స్నేహితుడితో పోటీపడి మరీ. ఈలోగా పిల్లవాడి భాష పెరగలేదు. ఎదుటి మనిషి ఎత్తు తగ్గింది.

జీడితోట

తరగతిలో చిప్స్ పంచితే ప్రిన్సిపాల్ ఊరుకుంటారా?

వంశధార_గట్టు

46 పొట్లాలు. మైకు కన్నా ఖర్చు ఎక్కువ.

గంజాం_గళం

పర్లాకిమిడి పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గిడుగు రామమూర్తిగారు ఆ ఊళ్లో పంతులుగా ఉంటూనే సవర నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలని బళ్లు పెట్టించారు. తెలుగులో వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటం మనకు బాగా గుర్తుంది, సవర సంగతి మరిచాం. మేడమ్ తరగతిలో ఆ పదకొండు మందికి ఒడియా ఎన్నో భాష?

మహేంద్రతనయ

కొందరికి రెండోది, కొందరికి తెలుగు తర్వాత మూడోది. ఇంకో సంగతి. వాళ్లు హాస్టల్లో తిని వచ్చేసరికి ముందు బెంచీలు నిండిపోతాయి. పదకొండు మందీ ఎప్పుడూ వెనకే.

పాతపంతులు

అయితే నువ్వు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నావో కొలువు. మేరీ బడ్ రో అనే ఆవిడ టేపురికార్డరు పెట్టి కొలిస్తే టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. ఇంకోటి కూడా చూసింది. బాగా చదువుతారని టీచరు అనుకున్న పిల్లలకు ఎక్కువసేపు ఆగుతున్నారు, రాదనుకున్నవాళ్లకు తక్కువ. సవరలో ఆలోచించి ఒడియాలో పేర్చుకోవాల్సిన పిల్లవాడికి ఒక్క సెకనులో ఏం అవుతుంది? ఆ లోపల మందుల దుకాణం అబ్బాయి జవాబు అయిపోతుంది.

మహేంద్రతనయ

రెండు వారాలు కనిపించలేదు, క్షమించండి. ఈలోగా ఒకటి జరిగింది.

డిమాండు పాఠం. "ఉప్పు ధర రెట్టింపయినా అమ్మకం పెద్దగా ఎందుకు తగ్గదు?" అని అడిగాను. ఈసారి ఆగుదామని నడుస్తూ వెనక్కి వెళ్లాను. రెండో బెంచీలో మేనేజరు కూతురి పక్కన కూర్చునే అమ్మాయి నోటుపుస్తకం అంచున పెన్సిలుతో ఏదో రాసి పుస్తకాన్ని పక్కకు నెట్టింది. మేనేజరు కూతురు చదివి చేయి ఎత్తింది. "ఇంటి ఖర్చులో ఉప్పు వంతు చాలా చిన్నది, దాని బదులు వాడేది ఇంకోటి లేదు" అని చెప్పింది. నేను "చాలా బాగుంది" అని బోర్డు మీద రాశాను. రాసి తిరిగి చూస్తే పక్కపిల్ల రబ్బరుతో అంచును చెరుపుతోంది.

ఆ పిల్ల తల్లి బస్టాండు దగ్గర ఇడ్లీబండి నడుపుతుంది. పరీక్షలో మొదటి వరుస అన్న ముగ్గురిలో ఒకతె. నా పట్టికలో మూడు మార్కులు.

సాయంత్రం విడిగా పిలిచి అడిగాను, నువ్వే చెప్పవచ్చు కదా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "తను చెబితే మీరు బోర్డు మీద రాస్తారు మేడమ్. నేను చెబితే సరే, ఇంకెవరు అంటారు."

నేను అలా అననని అనుకున్నాను. ప్రిన్సిపాల్‌గారిని అడిగి, పిల్లలకు చెప్పి ఫోన్లో మూడు పీరియడ్లు రికార్డు చేశాను. రాత్రి విన్నాను. అన్నాను. ఆ పిల్లనే కాదు. ఆ అయిదుగురి జవాబుకు "అవును, అంటే..." అని దాన్ని పట్టుకుని పాఠం ముందుకు నడిపాను. మిగతావాళ్ల జవాబుకు, సరైనదైనా, "సరే, ఇంకెవరు?"

నాగావళి_ఒడ్డున

ఆ రబ్బరు.

సిరొంచ_ప్రాణహిత

మేడమ్, దీన్ని ఇక్కడ రాయడానికి ధైర్యం కావాలి. నేనూ టీచర్నే. రేపు నేను రికార్డు చేయను, భయం.

పాతపంతులు

ఇదే నీ వ్యాసం. మిగతాదంతా దీని చుట్టూ పెట్టు.

తరగతి మాట మూడు మెట్లుగా నడుస్తుంది. టీచరు అడుగుతాడు, పిల్ల చెబుతుంది, టీచరు దాని మీద ఏదో ఒకటి అంటాడు. ఎవరు మాట్లాడారని లెక్కపెట్టేవాళ్లంతా రెండో మెట్టునే చూస్తారు. నేను నీకు చెప్పిన పద్ధతిలోనూ లోపం అదే, మూడో మెట్టుకు గడి పెట్టమనలేదు. ఇడ్లీబండి పిల్లకు ఆ మూడో మెట్టు ఎప్పటినుంచో తెలుసు. ఆమె మౌనం బిడియం కాదు, లెక్క. తన జవాబు తన నోట చెబితే ఎంత ధర, పక్కపిల్ల నోట చెబితే ఎంత ధర అని చూసుకుంది. నువ్వు చెప్పేది అర్థశాస్త్రమే కదా.

బాబాయి ప్రశ్నకూ ఇందులో జవాబుంది. ఆ ఒక్క అమ్మాయి గొంతులో ఇంకో అమ్మాయి జవాబుంది. నీ 22లో ఎన్ని అలాంటివో ఇప్పుడు తేల్చలేం.

బరంపురం_బాబాయి

ఒప్పుకున్నాను. అయితే ఒక మాట. రేపు ఈ పిల్లలు ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్తారు. అక్కడ ఎవరూ మూడు సెకన్లు ఆగరు, వెనక బెంచీకి నడిచి రారు. మౌనానికి ఇన్ని కారణాలు వెతికి మౌనంగానే ఉంచితే నష్టం ఎవరికి? మేనేజరు కూతురికి కాదు.

వంశధార_గట్టు

బాబాయి మాటలో న్యాయం ఉంది. మా అక్కకు సరిగ్గా అదే జరిగింది. రాతలో వచ్చింది, ఇంటర్వ్యూలో పోయింది.

మహేంద్రతనయ

మౌనంగా ఉంచాలని లేదు. నాలుగు మార్పులు చేశాను. ప్రశ్న వేశాక రెండు నిమిషాలు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చీటీ మీద రాయాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. మొదటి మాట ఆ అయిదుగురికి ఇవ్వను. "సరే, ఇంకెవరు" అన్న మాట మానేశాను, బల్లకు కాగితం అంటించుకుని మరీ. ఎవరు చెప్పినా బోర్డు మీద వాళ్ల మాటల్లోనే రాస్తాను.

సంస్కృతం మేడమ్ మళ్లీ నాలుగు పీరియడ్లు కూర్చున్నారు. మాటలు మొత్తం 104. అయిదుగురివి 43కు దిగాయి. అమ్మాయిలవి 22 నుంచి 41. ఇడ్లీబండి పిల్ల ఆరుసార్లు. మొదటిసారి చెప్పినప్పుడు చీటీలోంచి తల ఎత్తకుండా చదివింది, నేను రాస్తుంటే మాత్రం బోర్డు వైపు చూసింది.

సవర పిల్లలు నాలుగు నుంచి అయిదు. అంటే ఏమీ మారలేదు. చీటీలు మాత్రం నింపుతున్నారు. ఒక అబ్బాయి ఒడియా లిపిలో సవర రాస్తున్నాడు, నాకు చదవడం రాదు. వాడి చీటీని ఎవరితో చదివించాలో తెలియక నాలుగు రోజులుగా బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను.

గంజాం_గళం

వాడితోనే చదివించండి. సవరలోనే చదవమనండి. తర్వాత హాస్టలు స్నేహితుడు ఒడియాలో చెబుతాడు.

సిరొంచ_ప్రాణహిత

వద్దు. గదిలో అందరి ముందూ వాడొక్కడే వేరే భాషలో చదివితే మళ్లీ నా "ఆలో" కథే. ముందు నలుగురైదుగురు కలిసి కూర్చుని చర్చించే పద్ధతిలో పెట్టండి.

గంజాం_గళం

భాష దాచుకుంటూ పోతే ఎప్పటికీ దాచుకోవడమే కదా.

పాతపంతులు

ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, అంటే నాకూ తెలియదని. వాడినే అడుగు. విడిగా.

అరకు_కాఫీ

సెమినార్ల మీద ఒక పరిశీలన ఉంది, 2018లో వచ్చింది. 10 దేశాల్లో 250 దాకా సెమినార్లు చూశారు. మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగితే ఆ తర్వాత ఆడవాళ్ల ప్రశ్నలు తగ్గుతున్నాయి. మేడమ్ మొదటి మాట మార్చడం దీనికి సరిపోతుంది. ఈసారి అంకె చూసుకునే రాస్తున్నాను పంతులుగారూ.

పాతపంతులు

చూశాను, సరిగ్గానే ఉంది. అక్కడ మొదటి ప్రశ్న వల్లే మిగతావి తగ్గాయని తేల్చలేదు, రెండూ కలిసి కనిపించాయి, అంతే. ఆ మాట కూడా రాయాలి.

నాగావళి_ఒడ్డున

ఆ అయిదుగురూ ఏమంటున్నారు?

మహేంద్రతనయ

మందుల దుకాణం అబ్బాయి నాన్న వచ్చారు. "మావాడిని మాట్లాడనివ్వడం లేదట" అని. మర్యాదగానే అడిగారు. నిజమే కదా, 33 నుంచి 12కు దిగాడు. వాడి చీటీలు తీసి చూపించాను. ముందు ఒక్క వాక్యం చెప్పి వదిలేసేవాడు, ఇప్పుడు నాలుగు రాస్తున్నాడు. ఆయన చదివి, చీటీ అడిగి జేబులో పెట్టుకున్నారు.

10 మార్కులు మాత్రం తీసేయడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఆరు చీటీకి, నాలుగు మాటకు అని బేరమాడి వచ్చాను.

బరంపురం_బాబాయి

నాలుగుకు దించావా! సరే, నా ఇంటర్వ్యూ మాట మాత్రం వదలను. ఏడాది చివర ఇడ్లీబండి అమ్మాయిని ఒకసారి చీటీ లేకుండా నిలబెట్టి చూడు. ఏమైందో ఇక్కడ రాయి.

జీడితోట

అంతా చదివాను. ఇంతకీ వెనక ఫ్యాను సంగతి ఎవరైనా చూశారా? పదకొండు మంది వెనకే కూర్చుంటారని మేడమే రాశారు.

మహేంద్రతనయ

జీడితోటగారూ, మీకు దండం. రికార్డు మళ్లీ పెట్టి విన్నాను. ఈసారి ఫోను వెనక బెంచీ మీద పెట్టిన రోజుది. నా ప్రశ్న సగం వినపడటం లేదు, గరగర తప్ప. రేపు ఎలక్ట్రీషియన్ వస్తాడు. ఆ తర్వాత ఒక వారం హాస్టలు పిల్లలను ముందు బెంచీల్లో కూర్చోబెట్టి మూడోసారి లెక్కపెడతాం.

జీడితోట

బేరింగులు మార్చమనండి. నూనె వేస్తే రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది.